ఆఖరి శుక్రవారం పోస్ట్

ఆ షాపులో బోర్డు మీదికెక్కిన తేదీ గురించి ఎవరూ రెండోసారి అడగరు. అడిగితే మామగారు చేతిలో పని ఆపి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, అడిగినవాళ్ల వంక కాసేపు చూసి, ఏమీ అనకుండా మళ్లీ పనిలో పడతారు. ఆ చూపు ఒకసారి తిన్నవాళ్లు రెండోసారి అడగరు. సోఫా ఫలానా రోజు ఇస్తామని బోర్డు మీద సుద్దతో రాశారంటే, ఆ రోజు ఆ సోఫా గుమ్మం దగ్గర ఉంటుంది. జ్వరం వచ్చినా, కరెంటు పోయినా, కొనుక్కున్నవాళ్లే వద్దని ఫోన్ చేసినా ఉంటుంది.

షాపంటే పెద్దదేమీ కాదు. ముందు గదిలో గుడ్డల నమూనాలు, రెక్సిన్ చుట్టలు, వచ్చినవాళ్లు కూర్చోవడానికి రెండు కుర్చీలు. ఆ రెండూ ఎప్పుడూ మరమ్మతులోనే ఉంటాయి కాబట్టి వచ్చినవాళ్లు నిలబడతారు. వెనక గదిలో మామగారి బల్ల, ఫోమ్ దిమ్మలు, స్ప్రింగుల బుట్ట, గోడకి వరసగా తగిలించిన కత్తెరలు, దబ్బనాలు. పాత సోఫాలు విప్పి, లోపల కుళ్లినవి తీసేసి, కొత్త నవారు బిగించి, కొత్త గుడ్డ తొడిగి ఇవ్వడం వాళ్ల వ్యాపారం. విప్పేదీ తొడిగేదీ మామగారు. కొలతలు తీసుకునేదీ, బేరమాడేదీ, వ్యాన్‌లో మోసుకొచ్చేదీ కొడుకు. ఫోన్లు ఎత్తేదీ, బిల్లులు రాసేదీ, ఈమధ్య సోషల్ మీడియా నడిపేదీ కోడలు.

సోషల్ మీడియా మొదట్లో ఒక పద్ధతంటూ లేకుండా నడిచింది. కోడలికి గుర్తొచ్చినప్పుడు ఒక ఫోటో పెట్టేది. గుర్తురానప్పుడు షాపు మూతపడిందేమో అని జనం అనుకునేవాళ్లు. ఒకాయన ఫోన్ చేసి, మీరు బతికే ఉన్నారా అని మర్యాదగానే అడిగాడు. ఆ సంగతి చెవిన పడ్డాక ఆడపడుచు రంగంలోకి దిగింది. ఆమె ఒక పెద్ద ఆఫీసులో ఇదే పని చేస్తుంది. కేలెండర్ లేకుండా పోస్టులు పెట్టడమంటే కొలతలు లేకుండా గుడ్డ కత్తిరించడమేనని చెప్పి, తమ ఆఫీసులో వాడే కేలెండర్ టెంప్లేట్ పంపింది.

అది ఒక షీటు. నెలలో పోస్ట్ పెట్టే ప్రతి రోజుకీ ఒక వరస. వరసలో తేదీ, విషయం, డ్రాఫ్ట్, ఫోటో, చూసి ఓకే అన్నవాళ్లు, స్టేటస్ అని గడులు. సోమవారం పాతదీ కొత్తదీ పక్కపక్కన ఫోటో. బుధవారం ఒక సలహా: రెక్సిన్ ఎలా తుడవాలి, ఎండ తగిలే కిటికీ పక్కన ఏ గుడ్డ వేయకూడదు, అలాంటివి. శుక్రవారం మనుషుల గురించి. నెలకోసారి వెబ్‌సైట్లో బ్లాగుకి ఒక పెద్ద వ్యాసం, దాన్నే ముక్కలు చేసి మధ్యలో చిన్న పోస్టులు. డ్రాఫ్ట్ రాశాక ఇంకొకరు చదివి ఓకే అనాలి. ఓకే అన్నాక దాన్ని షెడ్యూల్ చేసేస్తే, జనం ఎక్కువగా చూసే సాయంత్రం వేళకి దానంతటదే వెళ్లిపోతుంది. కోడలికి ఇదంతా చూసి ప్రాణం లేచొచ్చింది. బడిలో ఉండగా కూడా ఆమెకి కొత్త పుస్తకాల కన్నా వాటికి వేసే అట్టలే ఎక్కువ నచ్చేవి.

టెంప్లేట్ నిండా ఆఫీసు మాటలే ఉన్నాయి. కంపెనీ అన్నచోట షాపు అని మార్చింది. ఒక మాట ఎక్కడెక్కడ ఉంటే అక్కడల్లా ఒక్క నొక్కుతో ఇంకో మాట పెట్టే సదుపాయం షీటులో ఉంది. అదే ఊపులో ‘సీనియర్ ఉద్యోగి’ అన్న మాట ఉన్నచోటల్లా ‘మామయ్యగారు’ అని పెట్టింది. షాపులో అంతకన్నా సీనియర్ ఎవరూ లేరు. పని చేస్తుండగా ఫోటో: మామయ్యగారు. మాటల్లో అనుభవం: మామయ్యగారు. తేదీలు ఆ నెలకి సరిచేసి, మొదటి వారం వరసలు జాగ్రత్తగా చదువుకుని, డ్రాఫ్టులు రాయడానికి కూర్చుంది. మిగతా వారాలు వచ్చినప్పుడు చూసుకోవచ్చులే అనుకుంది.

టెంప్లేట్ పంపిన ఆ వదిన ఆఫీసు చాలా పెద్దది. అక్కడ ప్రతి నెలా ఎవరో ఒకరు రిటైరవుతారు. అందుకని వాళ్ల టెంప్లేట్లో నెలలో ఆఖరి శుక్రవారం వరస ఎప్పుడూ ఒకటే: వీడ్కోలు పోస్ట్, సీనియర్ ఉద్యోగి. దాని ముందు సోమవారం: శుక్రవారం పోస్ట్ గురించి ముందస్తు కబురు. ఆ ఒక్క నొక్కుతో ఆఖరి శుక్రవారం మామగారి వీడ్కోలు అయిపోయింది. ఈ సంగతి ఆ రోజు ఎవరికీ తెలియదు, నొక్కిన మనిషికి కూడా.

మామగారు ఫోన్‌లో షీట్లు చూడరు. అందుకని భర్త ఆ కేలెండర్‌ని ప్రింటు తీయించి వెనక గదిలో, సుద్ద బోర్డు పక్కనే, నాలుగు మూలలా మేకులు కొట్టి బిగించాడు. మంచి ఉద్దేశంతోనే చేశాడు. నాన్నకి కూడా తెలుస్తుంది కదా, ఏ రోజు ఏ ఫోటో కావాలో అన్నాడు. కింది మూల మేకు కొడుతుండగా ఆఖరి వరస అతని కళ్ల ముందుకొచ్చింది. సుత్తి కాసేపు గాలిలోనే ఆగింది. తర్వాత మేకు దిగింది.

నాన్న తనకి చెప్పకుండా కోడలికి చెప్పాడన్నమాట అనుకున్నాడు అతను. అనుకోవడంలో ఆశ్చర్యమేమీ లేదు. పగలంతా షాపులో వాళ్లిద్దరే ఉంటారు. పైగా నాన్న అతనితో చివరిసారి సొంత విషయం మాట్లాడింది అతని పెళ్లి కుదిరినప్పుడు. అది కూడా కొత్త చెప్పులు కొనుక్కోరా అని. అడిగి బాధపెట్టడమెందుకని ఊరుకున్నాడు. తల్లి ఉన్నట్టయితే ఎదురుగా నిలబడి నిలదీసేది. ఆమె పోయాక ఆ ఇంట్లో నిలదీసే ఉద్యోగం ఖాళీగానే ఉండిపోయింది.

మామగారు మర్నాడు పొద్దున టీ గ్లాసు పట్టుకుని ఆ కాగితం ముందు నిలబడి పైనుంచి కిందిదాకా చదివారు. బోర్డు పక్కన గోడకెక్కిన తేదీ ఆయన లెక్కలో బోర్డు మీది తేదీయే. ఆఖరి వరస దగ్గర గ్లాసు ఖాళీ అయింది. గ్లాసు కడిగి బోర్లించి, పనిలో కూర్చున్నారు. ఇంట్లో పిల్లలు ఒక మాట అనుకుని, నోటితో చెప్పలేక కాగితం మీద పెట్టారని ఆయనకి అర్థమైంది. మర్యాదగానే చెప్పారు, తేదీ కూడా ఇచ్చారు. దానికి మళ్లీ అడగడమేమిటి?

అప్పట్నుంచి కేలెండర్ గొప్పగా నడిచింది. బుధవారం వరసలో రెక్సిన్ తుడిచే సలహా ఉందంటే, బుధవారం పొద్దునకల్లా మామగారు ఒక రెక్సిన్ కుర్చీ తుడిచి సగం మెరిసేలా, సగం మురికిగా వదిలి ఫోటోకి సిద్ధంగా పెట్టేవారు. శుక్రవారం తన ఫోటో ఉందంటే ఉతికిన చొక్కా వేసుకొచ్చేవారు. కోడలు వదినకి ఫోన్ చేసి చెబితే, మా ఆఫీసులో ఇంత క్రమశిక్షణ ఉంటే నేనెప్పుడో మేనేజర్‌నయ్యేదాన్నని వదిన నిట్టూర్చింది.

తేడా కోడలికి నెల సగమయ్యాక కనిపించింది. ఒకావిడ భోజనాల బల్ల కుర్చీలన్నీ కుట్టించుకోవాలని వచ్చింది. పై నెల మొదటి వారంలో ఇస్తే చాలంది. మామగారు సుద్ద తీశారు, బోర్డు ముందు నిలబడ్డారు, సుద్ద మళ్లీ పెట్టేశారు. మా అబ్బాయితో మాట్లాడండమ్మా, ఆ తేదీల సంగతి వాడు చూస్తాడు అన్నారు. ఆయన నోట ఆ మాట కోడలు ఎన్నడూ వినలేదు. తర్వాత గమనిస్తే మేకుల డబ్బాలు సగమే నింపుతున్నారు. తనకి ఇష్టమైన చిన్న సుత్తిని పక్క షాపు వడ్రంగికిచ్చేశారు. వడ్రంగి ఎన్నాళ్లనుంచో దాన్ని అరువడుగుతున్నాడు. ఉంచేసుకోమని చేతిలో పెడితే భయపడిపోయి, ఏదైనా తప్పు చేశానా అని కోడలిని చాటుగా అడిగాడు.

కోడలు షీటు తెరిచి కిందికి జరిపింది. ఆఖరి శుక్రవారం వరస చదివింది. మళ్లీ చదివింది. షీటు ముగ్గురి మధ్యా ఉన్నదే: తను, భర్త, వదిన. తను రాయలేదు కాబట్టి భర్త రాసుంటాడు. అంటే తండ్రీ కొడుకులు మాట్లాడుకున్నారు, తనకి ఎలా చెప్పాలో తెలియక పనిలో పనిగా వరసలో పెట్టారు. ఏ గడి ఎవరు మార్చారో చూపించే సదుపాయం కూడా షీటులో ఉంది. ఆమె దాన్ని నొక్కలేదు. సొంతవాళ్ల మీద అలాంటిది నొక్కడం, పడుకున్న మనిషి జేబులు వెతకడంలా అనిపించింది.

రాత్రి అన్నం వడ్డిస్తూ భర్తతో, ఆఖరి శుక్రవారం పోస్ట్‌కి ఫోటోలు కావాలి అని మాత్రం అంది. అతను తల వంచుకునే, పాతవి అటక మీద పెట్టెలో ఉన్నాయి తీసిస్తాను అన్నాడు. మామగారు పెరుగు కలుపుకుంటున్నారు. ఆ మాటతో ముగ్గురికీ విషయం ఖాయమైపోయింది. ముగ్గురిలో ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు.

భర్త ఒక కొత్త మనిషిని మాట్లాడాడు. ఎక్కడో పెద్ద ఫర్నిచర్ తయారుచేసే చోట ఫోమ్ కోసినవాడు, భుజాలు తలుపంత వెడల్పు. ఒకటో తేదీ నుంచి వస్తానన్నాడు. షాపు చూసుకోవడానికి వస్తే మామగారే వెనక గదంతా తిప్పి చూపించారు. కిటికీ పక్కన గుడ్డ పెట్టకు, మధ్యాహ్నం ఎండ పడుతుంది అన్నారు. బల్ల ఎత్తు నీకు సరిపోతుందా అని అడిగారు. ఆ మనిషి వంగి చూసి, కొంచెం పైకి లేపించుకోవాలన్నాడు. మామగారు ఆ సాయంత్రమే బల్ల కాళ్ల కింద చెక్కలు పెట్టి లేపేశారు. ఆ తర్వాత నెల మిగతా రోజులన్నీ ఆయనే ఆ ఎత్తైన బల్ల దగ్గర భుజాలు పైకెత్తి పని చేశారు. ఎందుకలా అని అడిగే దమ్ము ఎవరికీ లేకపోయింది.

వీడ్కోలు డ్రాఫ్ట్ రాయడానికి కోడలికి ఎక్కడ లేని కష్టమొచ్చింది. మిగతా పోస్టులు కూర్చుంటే వచ్చేసేవి. దీనికి మొదటి వాక్యమే కదలలేదు. రాసినవన్నీ చచ్చిపోయిన మనిషి గురించి రాసినట్టుగా ఉన్నాయి. చివరికి ఆయన పని చేస్తుండగా పక్కన పీట వేసుకుని కూర్చుని, చూసింది చూసినట్టు రాసుకుంది. మేకులు పెదాల మధ్య పెట్టుకుని ఒక్కొక్కటే తీస్తారని. పాత సోఫా విప్పేటప్పుడు దాన్ని ముందు కుట్టినవాడు చేసిన తప్పుని తిట్టకుండా, పాపం తొందరలో ఉన్నట్టున్నాడు అంటారని. సోఫా మడతల్లో దొరికిన చిల్లర, దువ్వెనలు, పిల్లల బొమ్మలు సోఫాతో పాటే కవర్లో పెట్టి తిరిగిస్తారని. డ్రాఫ్ట్ బాగా వచ్చింది. ఆమె రాసినవాటిలో అదే బాగా వచ్చింది. అది ఆమెకి అస్సలు సంతోషం కలిగించలేదు.

ఓకే అనాల్సింది ఈసారి మామగారే. ఫోన్ ఆయన చేతికిచ్చి పక్కన నిలబడింది. ఆయన మెల్లగా చదివారు.

“అలసట ఎరుగని మనిషి అని రాశావు” అన్నారు.

“అవును మామయ్యా.”

“ఎరుగుదును. అది తీసెయ్యమ్మా.”

తీసేసింది. ఇంకేమైనా మార్చమంటారా అని అడిగింది. ఆయన ఫోన్ తిరిగిచ్చేస్తూ, బానే ఉంది, ఆ మేకుల సంగతి ఎందుకు, పిల్లలు చూసి నోట్లో పెట్టుకుంటారు అన్నారు. మేకులు కూడా తీసేసింది. స్టేటస్ గడిలో ఓకే అని పెట్టి, శుక్రవారం సాయంత్రానికి షెడ్యూల్ చేసింది. అప్పుడాయన మొహం చూసి ఉంటే ఏదైనా తెలిసేదేమో. ఆమె గడి వంకే చూసింది.

సోమవారం ముందస్తు కబురు వెళ్లింది: ఈ శుక్రవారం మా షాపు నుంచి ఒక ముఖ్యమైన కబురు, ఎదురుచూడండి. ఆ పేజీలో అంత కదలిక ఎప్పుడూ లేదు. ఎక్కువమంది తగ్గింపు ధరలనుకున్నారు. ఇద్దరు షాపు వేరే చోటికి మారుతోందా అని అడిగారు. బతికే ఉన్నారా అని లోగడ ఫోన్ చేసినాయన మళ్లీ ఫోన్ చేసి, ఏం జరిగినా ధైర్యంగా ఉండమన్నాడు.

గురువారం మధ్యాహ్నం, అన్నాలయ్యాక, షాపులో పని మందకొడిగా ఉన్న వేళ, కోడలు ముందు గదిలో వచ్చే నెల కేలెండర్ మొదలుపెట్టింది. ఈ నెల షీటునే కాపీ చేద్దామనుకుంది కానీ, అందులో వీడ్కోలు వరస ఉంది. దాన్ని చూస్తూ పని చేయబుద్ధి కాలేదు. శుభ్రంగా మళ్లీ మొదట్నుంచి చేద్దామని, వదిన పంపిన అసలు టెంప్లేట్ తెరిచింది. ఈసారి తీరిగ్గా చివరిదాకా చదివింది.

ఆఖరి శుక్రవారం: వీడ్కోలు పోస్ట్, సీనియర్ ఉద్యోగి.

వెంటనే వదినకి ఫోన్ చేసింది. ఈ వరస మీ ఆఫీసుదేనా వదినా అంటే, అవును, ప్రతి నెలా ఉంటుంది, నువ్వు తీసెయ్యలేదా అంది వదిన. తీసెయ్యలేదని చెప్పింది. మరి నాన్న నిజంగా రిటైరవడం లేదా అని అడిగింది వదిన. షీటులో చూసి నేను వీడ్కోలుకి చీర కూడా కొనుక్కున్నాను అని, నాకు మీరెవరూ చెప్పలేదని అలిగి ఊరుకున్నాను అని కలిపింది. తమ్ముడి దగ్గర్నుంచి కబురు రాలేదని ఆవిడ పదిహేను రోజులుగా తనంతట తను ఫోన్ చేయడం లేదన్న సంగతి వాళ్లు గమనించనే లేదు.

కోడలు మొదట చేయాల్సింది చేసింది. షీటులో వరస కొట్టేస్తే పోస్ట్ ఆగదు. షీటు వేరు, పంపే చోటు వేరు. పంపే చోటికెళ్లి, షెడ్యూల్‌లోంచి దాన్ని తీసి డ్రాఫ్టుల్లోకి వెనక్కి నెట్టింది. అది వెనక్కి వచ్చిందో లేదో రెండుసార్లు చూసుకుంది. అప్పుడు షీటు తెరిచి వరస కొట్టేసింది. తర్వాత లేచి వెనక గదిలోకి వెళ్లింది. భర్త అప్పుడే వ్యాన్‌లోంచి ఒక పెద్ద మూడు సీట్ల సోఫా దింపించుకుని, ఒక చివర తను, ఒక చివర తండ్రి పట్టుకుని వెనక గుమ్మంలోంచి లోపలికి తెస్తున్నారు. మామగారి మెడలో నరాలు తాళ్లలా లేచి ఉన్నాయి. సోఫా కింద పెట్టాక ఆయన నడుం మీద చెయ్యేసుకుని, అలాగే వంగి ఉండిపోయి, మెల్లగా లేచారు.

ఆమె చెప్పింది. టెంప్లేట్ ఎక్కడిదో, ఏ మాట ఉన్నచోట ఏ మాట పెట్టిందో, ఆ వరస ఎవరిదో, మొత్తం. చెబుతున్నంతసేపూ నేల వంకే చూసింది. నేల మీద పాత ఫోమ్ పొడి పసుప్పచ్చగా పడి ఉంది.

భర్త ముందు మాట్లాడాడు. అంటే నాన్న నీకు చెప్పలేదా అన్నాడు. లేదంది. మీరు రాయలేదా అని ఆమె అడిగింది. నేనెందుకు రాస్తాను అన్నాడు. ఇద్దరూ కలిసి మామగారి వైపు తిరిగారు.

ఆయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుస్తున్నారు. తుడవడం అయిపోయాక కూడా తుడుస్తూనే ఉన్నారు.

“అయితే మీరెవరూ నన్ను పొమ్మనలేదు.”

“అయ్యో, లేదు మామయ్యా.”

“నువ్వు?” కొడుకుని అడిగారు.

“లేదు నాన్నా. నువ్వే వద్దనుకున్నావనుకున్నాను.”

ఆయన తలాడించారు. కళ్లజోడు పెట్టుకున్నారు. ఇక పనిలో పడతారని, ఈ గండం గడిచిందని వాళ్లిద్దరూ అనుకుంటుండగా అడిగారు.

“మరి ఉండమని ఎవరూ అనలేదేం?”

భర్త సోఫా మీద చెయ్యేసి దాని గుడ్డ ఏ రకమో పరీక్షిస్తున్నట్టు నిమిరాడు. అది ఏ రకమో అతనికి బాగా తెలుసు, పొద్దున తనే చూసి బేరమాడాడు. బోర్డు మీదికెక్కిన తేదీ గురించి అడగకూడదు కదా అందామనుకుంది కోడలు. కానీ అది జవాబు కాదని ఆమెకి తెలుసు. పీట వేసుకుని ఆయన పక్కనే కూర్చుని, మేకులు ఎలా తీస్తారో కూడా రాసుకుని, ఉండండి అన్న ఒక్క మాట అనలేకపోయింది.

“తప్పయింది మామయ్యా. అడగాల్సింది” అంది.

“నేను కూడా అడగలేదులే” అన్నారాయన. “మీరు వద్దనుకున్న చోట ఉండి ఏం చేస్తాను అనుకున్నాను. అడిగితే ఉండమంటారేమో, మొహమాటానికి. అది ఇంకా బాగోదు.”

కొడుకు మొహం పక్కకి తిప్పుకుని ముక్కు చీదుకున్నాడు. ఫోమ్ పొడి ముక్కులోకి పోయిందన్నాడు. అయ్యుండొచ్చు.

“ఉండండి మామయ్యా” అంది కోడలు. “మొహమాటానికి కాదు.”

ఆయన వెంటనే సరేననలేదు. ఎత్తైన బల్ల వైపు, కొత్తగా వచ్చిన సోఫా వైపు, గోడ మీద కేలెండర్ వైపు చూశారు. ఆయనకి ఏదో లెక్క తేలనట్టు ఉంది. కాసేపయ్యాక, ఈ నెలరోజులూ ఒక సంగతి ఆలోచించానమ్మా అన్నారు. వెళ్లిపోతున్నాను కదా అనుకున్నాక, ఏది పోతే బాధ, ఏది పోతే సుఖం అని లెక్కేసుకున్నారట. కుర్చీ విప్పడం పోతుందంటే బాధేసింది. దబ్బనం పోతుందంటే బాధేసింది. సోఫాలు మోయడం పోతుందంటే మాత్రం ప్రాణం హాయిగా ఉంది. రాత్రుళ్లు నిద్ర పట్టేది కూడా. అందుకని కుర్చీలు చేస్తాను, సోఫాలు చెయ్యను అన్నారు. సోఫాలు ఆ తలుపంత వెడల్పు మనిషి చేసుకుంటాడు. ఎలాగూ రమ్మన్నారు కదా, రమ్మన్నాక వద్దంటే మాట పోతుంది.

“మరి ఈ మాట ఎప్పుడూ చెప్పలేదేం నాన్నా?” అన్నాడు కొడుకు.

“నువ్వు అడగలేదు కదరా.”

కొడుకు ఆ మాట మింగేశాడు. వాళ్లిద్దరూ దానితోనే ఆ విషయం ముగించేశారు. అన్నేళ్లలో తండ్రీ కొడుకులు అంతసేపు మాట్లాడుకోవడం అదే మొదటిసారి కాబట్టి, ఇద్దరికీ అలసటగానే ఉంది. కొడుకు వెళ్లి బల్ల కాళ్ల కింద చెక్కలు లాగేశాడు. కొత్త మనిషికి వేరే బల్ల కొట్టిస్తానన్నాడు. చిన్న సుత్తి కోసం వడ్రంగి దగ్గరికి కూడా అతనే వెళ్లాడు. వడ్రంగి సుత్తిని కొత్త గుడ్డలో చుట్టి దాచుకున్నాడట. తిరిగిచ్చేస్తూ, నేనేమీ తప్పు చేయలేదు కదా అని మళ్లీ అడిగాడట.

ఇంక శుక్రవారం వరస మిగిలింది. గడి ఖాళీగా ఉంది, ముందస్తు కబురు మాత్రం వెళ్లిపోయింది. జనం ముఖ్యమైన కబురు కోసం ఎదురుచూస్తున్నారు. కోడలు ఒక తగ్గింపు ధర పెడదామా అంది. ఇలాంటి సందర్భాల కోసం ఎప్పుడైనా పనికొచ్చే పోస్టులు రెండు పక్కన దాచి ఉంచింది, వాటిలో ఒకటి పెట్టేయొచ్చంది. మామగారు ఒప్పుకోలేదు. శుక్రవారం కబురు చెప్తామని రాశాం. శుక్రవారం కబురు చెప్పాలి. ఉన్న కబురు చెప్పు అన్నారు. ఆయన చెప్పారు, ఆమె రాసింది, కొడుకు చదివి ఓకే అన్నాడు. అది ఇలా వచ్చింది:

‘ఈ శుక్రవారం చెబుతామన్న కబురు. మా షాపు పెద్దాయన ఇక సోఫాలు చేయరు. కుర్చీలు చేస్తారు. సోఫాలకి ఒకటో తేదీ నుంచి కొత్త మనిషి వస్తున్నాడు, బలంగా ఉన్నాడు. మిగతావన్నీ ఎప్పటిలాగే. పెద్ద కబురు అనుకుని ఎదురుచూసినవాళ్లు క్షమించాలి.’

ఫోటోగా ఏం పెట్టాలా అని కాసేపు వెతికారు. అటక మీది పాత ఫోటోలు వద్దన్నారు మామగారు. చివరికి సగం విప్పిన కుర్చీ ముందు ఆయన కూర్చుని ఉన్నది కోడలు అప్పటికప్పుడు తీసింది. నవ్వమంటే నవ్వలేదు. బల్ల సరైన ఎత్తులో ఉంది, అది మాత్రం ఫోటోలో బాగా పడింది.

శుక్రవారం సాయంత్రం పోస్ట్ వెళ్లేసరికి ముగ్గురూ షాపులోనే ఉన్నారు. వదిన కూడా వచ్చింది, కొన్న చీర కట్టుకునే వచ్చింది, ఊరికే బీరువాలో పెట్టుకోవడమెందుకని. వచ్చీరాగానే, నన్ను కూడా ఎవరూ అడగలేదు అని తండ్రి మీద, తమ్ముడి మీద, మరదలి మీద సమానంగా అలిగి, ఆ అలక మీదే టీ తాగింది. కేలెండర్లో ఇంకొక గడి పెట్టుకోవాలే, అంది మరదలితో, విషయం గడి పక్కనే. సంబంధించిన మనిషిని అడిగామా అని. మా ఆఫీసులో కూడా పెట్టిస్తాను. క్రితం నెల మా దగ్గర కూడా ఒకాయన, నాకింకా రెండేళ్ల సర్వీసుంది కదా అని అడుగుతూ తిరిగాడు, మేం జోకనుకున్నాం.

కామెంట్లు రావడం మొదలైంది. కోడలు ఒక్కొక్కటే పైకి చదివి వినిపించింది. కొందరు పెద్దాయన చల్లగా ఉండాలన్నారు. భోజనాల బల్ల కుర్చీలావిడ, అయితే నా కుర్చీలు ఆయనే చేస్తారా అని అడిగింది. ధైర్యంగా ఉండమన్నాయన, హమ్మయ్య అని మాత్రం పెట్టాడు. ఒకతను మాత్రం చిరాకుపడ్డాడు: దీనికోసమా సోమవారం నుంచి కూర్చోబెట్టారు?

అది చదవాలా వద్దా అని కోడలు ఒక క్షణం ఆలోచించి, చదివింది.

మామగారు మేకులు పెదాల మధ్య నుంచి తీసి అరచేతిలో పోసుకున్నారు.

“సరిగ్గానే అడిగాడు” అన్నారు. “అతనికి రాయమ్మా. అవునండీ, దీనికోసమే అని.”

ఆమె అలాగే రాసింది. ఆయన భోజనాల బల్ల కుర్చీలావిడకి ఏ తేదీ ఇద్దామో చూడటానికి, సుద్ద తీసుకుని బోర్డు దగ్గరికి వెళ్లారు.